క్రియ దాకా ఆగిన బొమ్మ

ఒకే కవిత, ఒకే గొంతు, ఒకే రేవులో తీసిన దృశ్యాలు. వాటితో ఇద్దరు మిత్రులు ఒకరికొకరు చూపించుకోకుండా రెండు చిన్న వీడియోలు కూర్చారు. ఒకటి 24 సెకన్లు, ఇంకొకటి 32 సెకన్లు. రేవు వాడపల్లిది. కోనసీమలో, ఆత్రేయపురం మండలంలో, గౌతమి ఒడ్డున ఉన్న ఊరు. కవిత ఆరు పాదాలు, నేను రాసిందే. అందుకని కవిత మంచిచెడ్డల జోలికి పోను. దాన్ని చదువుతుండగా బొమ్మ ఎప్పుడు మారింది, వెనక సంగీతం ఎక్కడ నిలిచింది అన్నంతవరకే ఈ పోలిక. ముందుగా కవిత:

రేవు మెట్ల మీద చెప్పులు విడిచి
అమ్మ నీళ్లలోకి దిగింది.
ఏడో వారం ఇది.
అడిగిందేమిటో ఎవరికీ చెప్పలేదు.
గౌతమి మాత్రం
ఆమె మోకాళ్ల దాకా వచ్చి విన్నది.

మూడో పాదం కోనసీమ వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకుంటారు. కోనసీమ తిరుపతి అని పేరున్న ఈ గుడికి శనివారం తెల్లవారకముందే జనం వచ్చేస్తారు. చాలామంది ముందు గోదావరి స్నానం చేసి, తర్వాత ప్రదక్షిణలకు వెళతారు. ఏడో వారమంటే మొక్కు చివరి రోజు. కవితలోని అమ్మ ఆ రోజు నీళ్లలో నిలబడింది.

గొంతు మాత్రం రేవులో రికార్డు చేసింది కాదు. శనివారం గుడి మైకూ, జనం గోవిందలూ రేవు దాకా వినిపిస్తూనే ఉంటాయి. వాటిని గొంతు వెనక నుంచి తరువాత తీసేయడం అంత తేలిక కాదు. అందుకని చదవడం ఇంట్లో తలుపులు మూసి చేశాం. రేవు చప్పుడు మాత్రం మామూలు రోజు వెళ్లి విడిగా పట్టుకొచ్చాం. చదివినావిడ సెకనుకు దాదాపు నాలుగు అక్షరాల చొప్పున చదివారు. మాట్లాడేటప్పటి వేగం కంటే ఇది బాగా నిదానం. కవిత మొత్తం 58 అక్షరాలు కాబట్టి మాటలకు పట్టే కాలం సుమారు 14న్నర సెకన్లు. మిగిలిన కాలమంతా మౌనం. ఆ మౌనాన్ని ఎక్కడెక్కడ పెట్టారన్న దగ్గరే రెండు కూర్పులూ విడిపోయాయి.

మొదటి కూర్పు చేసిన మిత్రుడి పద్ధతి సులువుగా చెప్పొచ్చు. ఆరు పాదాలకు ఆరు షాట్లు, ఒక్కోటి నాలుగు సెకన్లు. గొంతును ఆరు ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఒక్కో షాటు మొదట్లో పెట్టాడు. చెప్పులన్నప్పుడు మెట్ల మీద చెప్పులు. అమ్మ అన్నప్పుడు నీళ్లలో అమ్మ. ఏడో వారం అన్నప్పుడు గుడి చుట్టూ తిరుగుతున్న జనం. అడిగింది అన్నప్పుడు కదులుతున్న పెదవులు దగ్గరగా. గౌతమి అన్నప్పుడు డ్రోన్‌తో పైనుంచి తీసిన నది. మోకాళ్లన్నప్పుడు మోకాళ్లు. వెనక మురళి, నాలుగు సెకన్ల వరుస ఒకటి మళ్లీ మళ్లీ.

రెండో కూర్పులో మూడే షాట్లు. మొదటిది తొమ్మిది సెకన్లు: మెట్ల మీద చెప్పులు, పక్కనుంచి దిగుతున్న పాదాలు. గొంతు మూడు సెకన్లు ఆగి మొదలవుతుంది. రెండోది 14 సెకన్లు: నీళ్లలో నిలబడ్డ అమ్మ, వెనకనుంచి, కాస్త దూరంగా. మిగతా నాలుగు పాదాలూ ఈ షాటు మీదే వినిపిస్తాయి. మూడోది మళ్లీ తొమ్మిది సెకన్లు: మోకాళ్ల చుట్టూ కదిలే నీళ్లు. దాని మీద మాట లేదు. గొంతును ఎక్కడా కోయలేదు. చదివినావిడ ఊపిరి తీసుకున్న చోట్లే విరామాలయ్యాయి. వెనక తంబుర, రేవు చప్పుడు.

పాదానికో బొమ్మ అన్నది న్యాయంగానే కనిపిస్తుంది. కాని పాదాలు సమానం కావు. నాలుగో పాదంలో 14 అక్షరాలున్నాయి, చదవడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. 'చెప్పలేదు' అని పూర్తయిన అర సెకనుకే బొమ్మ మారిపోయింది. ఆ మాట చెవిలో కుదురుకునే లోపు నది మీద పడ్డాం. ఐదో పాదం అయిదే అక్షరాలు, సెకనుంపావులో అయిపోయింది. ఆపైన దాదాపు మూడు సెకన్లు ఖాళీ. 'గౌతమి మాత్రం' అన్నాక వాక్యం ఇంకా పూర్తి కాలేదు, చెవి తరువాతి మాట కోసం ఎదురుచూస్తోంది. అక్కడ మూడు సెకన్లు మౌనం వస్తే కవిత అయిపోయిందేమో అనిపిస్తుంది. మౌనం అక్కర్లేని చోట పడింది, కావలసిన చోట దొరకలేదు.

ఛందస్సులో రాసిన గేయమైతే ఈ కొలత చెల్లేదేమో. గురజాడ ముత్యాలసరంలో పాదానికి 14 మాత్రలు. చివరి పాదం ఒక్కటే కురచ కావచ్చు. అలాంటి నడకకు సమానమైన షాట్లు అతుకుతాయి, ఎందుకంటే చెవి కూడా అదే కొలతతో వింటోంది. వచన కవితలో పాదాన్ని విరిచేది మాత్ర కాదు, ఊపిరీ అర్థమూ. సమానంగా కోసిన బొమ్మలు అక్కడ కవిత మీద లేని ఛందస్సును రుద్దుతాయి.

అసలు తేడా మొదటి రెండు పాదాల్లో తెలుస్తుంది. అవి ఒకే వాక్యం. 'విడిచి' దగ్గర మాట ఆగదు, ముందుకు వంగి ఉంటుంది. 'దిగింది' దగ్గర గాని వాక్యం నేల మీద అడుగు పెట్టదు. తెలుగులో పని చెప్పే మాట చివర వస్తుంది. ఎవరు, ఎక్కడ, దేనిలోకి అన్నవన్నీ విన్నాక గాని ఏం జరిగిందో తెలియదు. ఆ రెండు సెకన్ల ఎదురుచూపే ఈ వాక్యానికి ప్రాణం.

మొదటి కూర్పులో 'అమ్మ' అన్న మాటతోనే బొమ్మ మారి, నీళ్లలో నిలబడ్డ అమ్మ కనిపించింది. 'దిగింది' అన్న మాట వచ్చేసరికి దిగడం ఎప్పుడో అయిపోయింది. మాట బొమ్మ వెనకాల ఆయాసపడుతూ వచ్చినట్టయింది. పైగా 'విడిచి' తరువాత సెకను ఖాళీ వచ్చి, ఒక్క వాక్యం రెండుగా తెగింది. రెండో కూర్పులో 'విడిచి' తరువాత పావు సెకను ఊపిరి మాత్రమే ఉంది. చూస్తున్నది ఇంకా మెట్లనూ, దిగుతున్న పాదాలనూ. 'దిగింది' అని విన్న అర సెకనుకు బొమ్మ మారి, నీళ్లలో అమ్మ కనిపించింది. చూసేవాడు మాటలో ఒకసారి దిగి, కంటితో మరోసారి దిగాడు.

మరి అదే కూర్పులో చెప్పులు మాట కంటే మూడు సెకన్ల ముందే కనిపించాయి కదా, అదెందుకు చెడలేదు? చెప్పులు వస్తువు. వస్తువును ముందే చూపిస్తే చూసేవాడు దాన్ని పట్టుకుని ఎదురుచూస్తాడు. ఎవరివి, ఎందుకు అక్కడున్నాయి అనుకుంటాడు. మాట వచ్చి ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. పని అలా కాదు. పనిని ముందే చూపిస్తే మాటకు చెప్పేందుకు ఏమీ మిగలదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: తెలుగు కవితకు బొమ్మ కూర్చేటప్పుడు వస్తువు మాట కంటే ముందు రావచ్చు, పని మాత్రం క్రియ వినిపించాకే రావాలి.

ఇది మనకు కొత్త కూడా కాదు. తెలంగాణలో పటం కథలు చెప్పేవాళ్లు చేర్యాల నకాషీలు వేసిన పొడుగాటి పటాన్ని చుట్ట విప్పుతూ, గడి తరువాత గడి చూపిస్తూ కథ పాడతారు. గడి తెరుచుకోగానే అందులోని మనుషులూ, జంతువులూ, చెట్లూ అందరికీ కనబడతాయి. ఎవరేం చేశారన్నది కథకుడు పాడితేనే తెలుస్తుంది. ఆ గడి పాట పూర్తయ్యాక గాని తరువాతి గడి విప్పడు. వస్తువు ముందు, పని మాటతో, మార్పు మాట తరువాత. రెండో కూర్పు చేసిన మిత్రురాలు పటం కథను తలుచుకుని చేసిందని నేననను. కాని ఆమె చెవి అటే వెళ్లింది.

కవితకూ బొమ్మకూ కుదిర్చిన పొత్తు అంటే లోకమంతా చెప్పుకునే పాత ఉదాహరణ ఒకటుంది. 1936లో బ్రిటిష్ తపాలా శాఖ ఫిల్మ్ యూనిట్ తీసిన 'నైట్ మెయిల్'. లండన్ నుంచి స్కాట్లండ్‌కు రాత్రంతా ఉత్తరాలు మోసుకెళ్లే రైలు గురించిన డాక్యుమెంటరీ. దర్శకులు హ్యారీ వాట్, బేసిల్ రైట్. చివరి భాగానికి డబ్ల్యూ.హెచ్. ఆడెన్ కవిత రాస్తే, అప్పటికి 22 ఏళ్ల బెంజమిన్ బ్రిటెన్ సంగీతం కూర్చాడు. మొదటి కూర్పు చేసిన మిత్రుడికి ఆ సినిమా ఇష్టం. పాదంతో బొమ్మ మార్చడం, సంగీతంతో పాదాన్ని కొలవడం అక్కణ్ణుంచే తీసుకున్నాడని నాకనిపిస్తుంది.

అక్కడ అది ఎందుకు పండింది? ఆడెన్ కవితను బొమ్మల కోసమే రాశాడు. కూర్చిన బొమ్మల నిడివిని స్టాప్‌వాచ్‌తో కొలుచుకుని పాదాలు రాసి, పట్టనివి వదిలేశాడు. బొమ్మ ముందు, మాట తరువాత పుట్టాయి. అందులో కదలికంతా ఒక్క రైలుది. చక్రాల లయే కవితకు ఛందస్సయింది, సంగీతానికి తాళమయింది. అన్నిటికంటే ముఖ్యం, ఇంగ్లీషు వాక్యంలో కర్త వెంటనే క్రియ వచ్చేస్తుంది. పాదం మొదట్లోనే పని తెలిసిపోతుంది కాబట్టి బొమ్మ పాదంతో పాటే మారినా మాటకు నష్టం లేదు. వాడపల్లి కవితకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ముందే పుట్టిన కవిత, నిలబడ్డ మనిషి, చివర క్రియ. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చి దీనికి తొడిగితే బిగుతవక మానదు.

ఇక మూడో పాదం. ఇక్కడ మొదటి కూర్పుదే పైచేయి. 'ఏడో వారం ఇది' అన్నప్పుడు ప్రదక్షిణ చేస్తున్న జనం కనిపించారు. వాడపల్లి పేరు వినని అనంతపురం మనిషికి, అమెరికాలో పెరిగిన పిల్లకు కూడా ఇది మొక్కు అని నాలుగు సెకన్లలో తెలిసింది. అది తెలియకపోతే నాలుగో పాదంలో 'అడిగింది' అన్న మాటకు ఆధారం ఉండదు. రెండో కూర్పు అమ్మ వీపు మీదే ఉండిపోయింది. కోనసీమ వాళ్లకు చాలు, బయటివాళ్లకు 'ఏడో వారం' ఒట్టి లెక్కగా మిగిలింది. నేను చూపించినవాళ్లలో ఒకాయన అది పురిటి లెక్కేమో అనుకున్నారు. క్రియ లేని వాక్యం కవిత మొత్తంలో ఇదొక్కటే. పని చెప్పడం లేదు, సందర్భం చెబుతోంది. సందర్భాన్ని బొమ్మకు అప్పగించవచ్చు. మొదటి మిత్రుడు ఇక్కడ సరిగ్గా గుర్తించాడు.

మరుసటి పాదానికే ఆ లాభం పోగొట్టుకున్నాడు. 'అడిగిందేమిటో ఎవరికీ చెప్పలేదు' అన్న మాట మీద కదిలే పెదవులు చూపించాడు. చెప్పలేదు అంటున్న మాట కింద చెబుతున్న నోరు. చూసేవాడి కన్ను వెంటనే ఆ పెదవులను చదవబోతుంది. ఏమంటోంది, గోవిందా అంటోందా, ఎవరిదో పేరా? కవిత దాచమన్నదాన్ని బొమ్మ వెతకమంది. రెండో కూర్పులో ఈ పాదం తరువాత బొమ్మ మారలేదు. ఆ కూర్పంతటిలో షాట్లు రెండుసార్లే మారాయి, 'దిగింది' తరువాత ఒకసారి, 'విన్నది' తరువాత ఒకసారి. మధ్యలో ఉన్న 'చెప్పలేదు' అన్న క్రియ వ్యతిరేకార్థం. జరగని పనికి బొమ్మ లేదని గ్రహించి అక్కడ ఊరుకోవడం ఈ రెండు వీడియోల్లోకెల్లా తెలివైన నిర్ణయం. వీపు మనకు ఏమీ చెప్పదు. అమ్మ కూడా చెప్పలేదు.

సంగీతం దగ్గర నా అభ్యంతరం మురళి మీద కాదు. మొదటి కూర్పులో అది గొంతుకు మరీ దగ్గరగా ఉంది. గొంతు కంటే ఎనిమిది డెసిబెల్లు మాత్రమే తక్కువ. రెండో కూర్పులో తంబుర, రేవు చప్పుడు కలిపి గొంతు కంటే 20 డెసిబెల్లు తక్కువ. అంకెలు అలా ఉంచి, మొదటి పాదం వినండి. 'మెట్ల', 'చెప్పులు'. ఒత్తు అక్షరం పలికేటప్పుడు నోరు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుంటుంది. సెకనులో ఏడెనిమిదో వంతు ఉండే చిన్న నిశ్శబ్దం అది. చెవి ఆ నిశ్శబ్దాన్ని బట్టే ఒత్తును గుర్తుపడుతుంది. మురళి స్వరం ఆగకుండా దాన్ని నింపేసరికి 'చెప్పులు' కాస్తా 'చెపులు' అన్నట్టు వినిపించింది. 'అమ్మ', 'విన్నది' అన్నవి ముక్కుతో సాగుతాయి కాబట్టి అంత నష్టపోలేదు. 'చెప్పలేదు' మాత్రం మళ్లీ దెబ్బతింది. పైగా మురళి వరుసలో పైస్వరం సరిగ్గా ఆ మాట మీదే పడింది.

తంబురకూ ఒక చిక్కుంది. పెద్ద స్పీకర్లలో విన్నప్పుడు కింది షడ్జం గదినంతా నింపింది. ఫోన్‌లో విన్నప్పుడు అది దాదాపు లేదు. ఫోన్ స్పీకరు మంద్ర స్వరాలను పలికించలేదు, పైన మోగే అనుస్వరాలు మాత్రమే మిగిలాయి. అయినా కూర్పు చెడకపోవడానికి కారణం రేవు చప్పుడు. నీళ్లు మెట్లకు తగిలే శబ్దం ఫోన్‌లోనూ స్పష్టంగా వచ్చింది. అదీ ఎడతెగకుండా లేదు. గొంతు ఉన్నప్పుడు తగ్గి, విరామంలో కాస్త పైకి లేచింది. మన పద్యనాటకంలో హార్మోనియం చేసేదీ అదే. నటుడు పద్యం మాట పలుకుతున్నప్పుడు వెనక్కి తగ్గి, పాదాల మధ్య ఖాళీని అందుకుంటుంది. మన చెవికి ఆ అలవాటుంది. మాట కింద కాక, మాట పక్కన వినిపించే సంగీతం.

చివరి రెండు పాదాలు. మొదటి కూర్పు 'గౌతమి' అనగానే డ్రోన్ ఎక్కింది. నది, లంకలు, అవతలి గట్టు, అందమైన దృశ్యమే. కాని కవితలో గౌతమి మోకాళ్ల దాకా వచ్చిన నీరు. ఒక మనిషి ఎత్తుకు దిగి వచ్చి విన్నది. పైనుంచి చూపిన నది ఎవరి మాటా వినగలిగేటంత దగ్గరగా లేదు. ఆ షాటు తరువాత వచ్చిన మోకాళ్లు వేరే నీళ్లలో ఉన్నట్టనిపించాయి.

రెండో కూర్పులో అమ్మ వీపు మీదనే 'వచ్చి విన్నది' అన్నంతవరకూ విన్నాం. ఆ తరువాత మోకాళ్లు, నీళ్లు. చిన్న అల వచ్చి తగిలి వెనక్కి పోయింది. ఈ షాటు మాఘమాసంలో తీయబట్టి దక్కింది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు గౌతమిలో అంగుళం లోతున ఉన్న వేలు కూడా కనిపించదు. మాఘంలో నీరు తేటపడి, చీర కుచ్చెళ్లు నీళ్లలో తేలడం, వాటి వెనక మోకాళ్లు కనిపిస్తాయి. నది వింటోందన్న మాటకు బొమ్మలో ఏ గుర్తూ లేదు. క్రియ విన్నాక చూశాం కాబట్టి ఆ అలను మనమే వినికిడిగా తీసుకున్నాం. అదే అల 'విన్నది' కంటే ముందు వచ్చి ఉంటే మామూలు అలే. అయితే తొమ్మిది సెకన్లు ఎక్కువ. ఆ అల నాలుగో సెకనులో వచ్చిపోయింది. ఆరో సెకనుకు ఆపేసి ఉంటే భావం చెదిరేది కాదు. తరువాతి మూడు సెకన్లూ చూసేవాడు నీళ్లను వదిలి వీడియో ఎప్పుడు అయిపోతుందో చూస్తాడు.

రెంటిలో ఏది మేలు అంటే రెండోదే, అనుమానం లేదు. దాన్ని నిలబెట్టింది నెమ్మది కాదు. షాట్లు తగ్గించినంత మాత్రాన, తంబుర పెట్టినంత మాత్రాన కవిత నిలవదు. అదే మూడు షాట్లను 'అమ్మ' దగ్గరా 'గౌతమి' దగ్గరా మార్చి చూడమని మిత్రురాలిని అడిగాను. ఆమె అలా మార్చి పంపింది. నిడివి అంతే, బొమ్మలు అవే, సంగీతం అదే, కవిత మాత్రం లేదు. 'దిగింది' దగ్గరా 'విన్నది' దగ్గరా జరగాల్సింది ముందే జరిగిపోయింది. తేడా కొన్ని సెకన్లే.

కనక ఈ పని చేయబోయేవాళ్లు ముందు గొంతు రికార్డు చేసుకుని, కాగితం మీద కవితలోని క్రియల కింద గీత గీసుకోవాలి. బొమ్మ మారడానికి అర్హమైన చోట్లు ఆ గీతల తరువాతే ఉంటాయి. గీసిన ప్రతి చోటా మార్చాలని లేదు. జరగని పనిని చెప్పే క్రియ దగ్గర ఆగడమే మేలు. అసలు క్రియే లేని వాక్యం ఉంటే, చూసేవాడికి కావలసిన సందర్భాన్ని అక్కడ చూపించుకోవచ్చు. ఈ లెక్కన వాడపల్లి కవితకు మూడో కూర్పు ఒకటి సాధ్యమే. రెండోదానిలో 'ఏడో వారం ఇది' అన్న చోట మొదటిదాని ప్రదక్షిణ షాటు పెట్టి, మళ్లీ అమ్మ వీపు మీదకు వచ్చి, చివర మూడు సెకన్లు కోసేస్తే చాలు. ఇద్దరినీ కూర్చోబెట్టి అదే చేయమన్నాను.